దుకాణం బంద్ చేసేటప్పుడు రాసే కాగితం

దుకాణాన్ని శాశ్వతంగా మూసే యజమాని షట్టరు మీద అంటించే కాగితం, తెలిసినవాళ్ళ ఫోన్లకు పంపే నాలుగు ముక్కలు, వ్యాపారంలో ఆయన చేసే చివరి రాతపని. అంతకుముందు ఆయన రాసినవి బిల్లులు, ఖాతాలు, సామాన్ల చిట్టీలు. వాటిలో ఎక్కడా తన మనసు చెప్పుకోవాల్సిన అవసరం పడలేదు. అందుకే ఈ ఒక్క కాగితం చాలామందికి సరిగ్గా కుదరదు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల కిరాణాలు, బట్టల షాపులు, ఫ్యాన్సీ స్టోర్లు, స్టూడియోలు మూతపడేటప్పుడు రాసుకునే మాటల్లో రెండు మూసలు పదేపదే కనిపిస్తాయి. ఒకటి సర్కారీ నోటీసు: ‘ఇందుమూలముగా తెలియజేయడమైనది’ అని మొదలై మనిషి జాడ లేకుండా ముగుస్తుంది. రెండోది కన్నీళ్ళ ఉత్తరం: ‘బరువెక్కిన గుండెతో’ అని మొదలై ఎవరి మీదో నిష్ఠూరంతో ముగుస్తుంది. మొదటిది చదివినవాడికి ఏమీ అనిపించదు. రెండోది చదివినవాడికి తప్పు తనదేమో అనిపిస్తుంది. ఎక్కువ నష్టం చేసేది ఈ రెండోదే.

ఆ నష్టం ఎలా జరుగుతుందో చూడాలంటే కాగితాన్ని ఎవరు చదువుతారో ముందు గమనించాలి. పెద్ద మార్టుకు మళ్ళిపోయిన ఇంటివాళ్ళు ఈ షట్టరు ముందుకు రారు. ఫోనులో సామాను తెప్పించుకోవడం అలవాటైనవాళ్ళకు దుకాణం మూసిన సంగతి ఆరు నెలలకు గానీ తెలియదు. కాగితం ముందు ఆగి మొదటి ముక్క నుంచి చివరి దాకా చదివేది నిన్నటిదాకా వచ్చిన మనిషే. ‘మాలాంటి చిన్నవాళ్ళను పట్టించుకునేవాళ్ళే లేరు’ అనే వాక్యం ఎవరిని ఉద్దేశించి రాశారో వాళ్ళకు చేరదు. పట్టించుకున్న మనిషికే చేరుతుంది. ఇరవై ఏళ్ళు చాయపత్త అక్కడే కొన్న పెద్దమ్మ దాన్ని చదివి, మొన్న రెండు నెలలు కొడుకు దగ్గరికి పోయి రాలేకపోయినందుకు లోలోపల నొచ్చుకుంటుంది. కృతజ్ఞత చెప్పాల్సిన మనిషికి నింద చెప్పినట్టవుతుంది. ఇలాంటి స్వీయజాలిని కాగితంలోంచి తీసేయమనడానికి అసలు కారణం ఇదే. యజమాని గంభీరంగా కనిపించాలని మాత్రం కాదు.

కాగితం మీద మరో బరువు కూడా ఉంటుంది. ఉత్తర తెలంగాణలో ఏ దుకాణమైనా నాలుగు రోజులు తెరవకపోతే బజారులో పుట్టే మొదటి మాట ‘ఐపీ పెట్టిండట’. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు మాట పొట్టిదై ఊరి మాటగా స్థిరపడింది. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద అప్పులు తీర్చలేనని కోర్టుకు వెళ్ళడాన్ని జనం ఇలా అంటారు. అప్పుల్లేకుండా గౌరవంగా మూసినవాడికి కూడా ఈ పేరు అంటుకునే అవకాశం ఉంటుంది. ‘దుస్థితి’, ‘నష్టాల ఊబి’, ‘గత్యంతరం లేక’ అనే మాటలు కాగితంలో పడితే పుకారుకు ఆధారం దొరికినట్టే. హోల్‌సేల్ సేటు పరుగెత్తుకొస్తాడు, చీటీ పాడినవాళ్ళు అడుగుతారు, పెళ్ళి సామానుకు అడ్వాన్సు ఇచ్చిన ఇంటివాళ్ళు గాబరాపడతారు. ‘మేం ఐపీ పెట్టలేదు’ అని రాస్తే పుకారు ఇంకా పెరుగుతుంది. దాన్ని ఆపే దారి ఒకటే: ఎవరికి ఏం తిరిగి ఇవ్వాలో, ఏ రోజు ఎక్కడ ఇస్తారో కాగితంలో స్పష్టంగా రాయడం. బాకీలు తిరిగి ఇస్తానని తారీఖు వేసినవాడి గురించి బజారు వేరే కథ అల్లలేదు.

స్వీయజాలి మాటల్లో ఎక్కడ ఉంటుందో పట్టుకోవడం పైకి కనిపించేంత తేలిక కాదు. కన్నీళ్ళు, గుండె, భారం లాంటి మాటలు కొట్టేసినా అది వాక్యం నడకలో మిగిలిపోతుంది. ‘మూసివేయవలసి వచ్చినది’ అన్నప్పుడు మూసే మనిషి మాయమై, మూత ఎక్కడినుంచో వచ్చి ఆయన మీద పడ్డట్టు ఉంటుంది. ‘మూస్తున్నం’ అన్నప్పుడు నిర్ణయం ఆయనది. ‘రాత్రింబవళ్ళు కష్టపడ్డాం’, ‘పండుగలు కూడా చేసుకోలేదు’ అనేవి నిజమే కావచ్చు. కానీ ఆ వాక్యాల్లో కర్త దుకాణదారు, పని దుకాణదారుది, లెక్క చెప్పేది కూడా ఆయనే. చదివేవాడికి మిగిలేది బాకీపడ్డ భావన. ‘అయినా’ అనే చిన్న మాటను ప్రత్యేకంగా వెతకాలి. ‘మీకోసం ఇంత చేశాం, అయినా...’ అని ఎక్కడ వస్తే అక్కడ ఫిర్యాదు మొదలైనట్టే. కాగితాన్ని సరిచూసుకోవడానికి ఒక పద్ధతి పనికొస్తుంది. ప్రతి వాక్యంలో పని చేసింది ఎవరని అడగాలి. ‘మేము’ అనే జవాబు ఎక్కువసార్లు వస్తే అది సొంత గోడు. ‘మీరు’ అని వస్తే అది కృతజ్ఞత అయ్యే వీలుంది.

ఈ ప్రాంతపు మాటతీరు ఇక్కడ ఎంతో సాయం చేస్తుంది. పల్లెల్లోనూ పాత బజార్లలోనూ ‘ధన్యవాదాలు’ అని ఎదురుగా అనేవాళ్ళు తక్కువ. మేలు చేసినవాడికి ఆ మేలునే గుర్తుచేస్తారు: ‘ఆనాడు నువ్వు ఆటో మాట్లాడకపోతే దవాఖానకు చేరకపోదుము’ అంటారు. లేదంటే ‘మీ చలువే’ అంటారు, ‘సల్లగుండాలె’ అని దీవిస్తారు. తెలుగులో వెచ్చని కృతజ్ఞత ఎక్కువగా ఇలా జరిగిన పనిని పేరుపెట్టి చెప్పడంలో ఉంటుంది. ‘మీ ఆదరాభిమానాలకు సర్వదా కృతజ్ఞులం’ అనే అచ్చు వాక్యం ఏ దుకాణానికైనా, ఏ ఎన్నికల పోస్టరుకైనా సరిపోతుంది, కాబట్టి ఎవరికీ తగలదు. ‘వడ్లు అమ్మిన పైసలు ఇంటికి పోకముందే మా ఖాతా కట్టిన్రు’ అనే వాక్యం ఆ వీధిలో ఆ పని చేసిన ప్రతి ఇంటికీ తగులుతుంది. పేరు రాయకుండానే ఎవరి పేరు వాళ్ళకు అందులో కనిపిస్తుంది.

ఇదే పనిని జపాన్ దుకాణాలు వేరే దారిలో చేస్తాయి. అక్కడ మూతపడే చిన్న దుకాణం తలుపు మీద కనిపించే కాగితానికి దాదాపు స్థిరపడిన ఒక వరస ఉంది. ‘పూర్తిగా మా వీలును బట్టి’ అనే అర్థం వచ్చే మాటతో మొదలవుతుంది, తారీఖు చెబుతుంది, ఎన్నాళ్ళో చూపిన ఆదరణకు కృతజ్ఞత చెప్పి ఆగిపోతుంది. కిరాయి పెరిగినా, గిరాకి పోయినా, ఆరోగ్యం చెడినా చాలాసార్లు కారణం వివరించరు. ఆ మొదటి మాటలోని నేర్పు గమనించదగ్గది: మీకు కలిగే ఇబ్బంది మావల్లే అని బాధ్యత తీసుకోవడంతో నింద వేయడానికి చోటే ఉండదు. కానీ ఆ వరసను ఇక్కడికి యథాతథంగా తెస్తే పనిచేయదు. కారణం ఏమీ చెప్పకపోతే కరీంనగర్ బజారు తానే ఒక కారణం పుట్టిస్తుంది. ఇక్కడి కాగితానికి ఒక్క వాక్యం కారణం కావాలి, అది నిజమై ఉండాలి, రెండో వాక్యంలోకి సాగకూడదు.

ఒక కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా తిరగరాసి చూస్తే ఈ సంగతులన్నీ తేటపడతాయి. కింది నమూనా ఉదాహరణ కోసం కూర్చినది. కరీంనగర్‌లో ఒక కాలనీ కిరాణం, 1995లో తెరిచినది, 31 ఏళ్ళ తర్వాత మూస్తున్నారని అనుకోవాలి. మొదట రాసుకున్నది ఇలా ఉంది:

‘ప్రియమైన వినియోగదారులకు, బరువెక్కిన గుండెతో తెలియజేయునది ఏమనగా, 31 సంవత్సరములుగా రాత్రింబవళ్ళు కష్టపడి నడిపిన మా కిరాణ దుకాణమును శాశ్వతముగా మూసివేయవలసిన దుస్థితి ఏర్పడినది. సూపర్ మార్కెట్లు, ఆన్‌లైన్ వచ్చిన తర్వాత మాలాంటి చిన్న వ్యాపారులను పట్టించుకునేవారే కరువైనారు. పండుగలకు పబ్బాలకు పోకుండా మీ కొరకు షాపు తెరిచి ఉంచినాము. అయినా ఫలితం దక్కలేదు. ఉద్దెర తీసుకున్నవారు ఇప్పటికైనా మానవత్వంతో చెల్లించగలరు. ఇన్నాళ్ళు ఆదరించినవారికి ధన్యవాదములు.’

కోపంతో రాసిన కాగితం కాదిది. రాసినవాడు మంచివాడే, బాధలో ఉన్నాడు. కానీ ఇందులో ఆరు వాక్యాలుంటే కృతజ్ఞత ఒక్క దానిలో ఉంది, అదీ చివర్న, అదీ మిగతా ఐదు వాక్యాల నింద మోసుకుంటూ. ఎప్పుడు మూస్తారో లేదు. అడ్వాన్సుల ఊసు లేదు. బాకీలు కట్టమని అడిగిన వాక్యం మాత్రం ఉంది. తిరగరాసినది:

‘మా దుకాణానికి వచ్చే అన్నలకు, అక్కలకు, పెద్దలకు నమస్కారం.

మే 31, ఆదివారం రాత్రితోని మన కిరాణం బంద్ చేస్తున్నం. మళ్ళ తెరిచేది లేదు. గిరాకి తగ్గింది, కిరాయి పెరిగింది, ఇక్కడితోని ఆపుదామని ఇంట్ల అందరం అనుకున్నం.

1995ల నాలుగు డబ్బాలు, ఒక తరాజు పెట్టుకొని కూసున్ననాడు నెల సామాన్ల చిట్టీ తెచ్చి మా చేతుల పెట్టిన్రు. వడ్లు అమ్మిన పైసలు ఇంటికి పోకముందే వచ్చి ఖాతా కట్టిన్రు. చిన్న పిల్లలకు చిట్టీ, పైసలు ఇచ్చి పంపిన్రు, మిగిలిన చిల్లర లెక్క ఎన్నడు అడగలే. లాక్‌డౌన్‌ల సున్నం గీతల్ల నిలబడి వంతు వచ్చేదాక ఆగిన్రు. పెద్ద షాపులు వచ్చినంక గూడ చాయపత్త, బెల్లం మా దగ్గరనే తీసుకున్న ఇండ్లు మాకు తెలుసు. మా పిల్లల చదువులు మీ చలువతోని అయినయి.

నీళ్ళ క్యాన్ల డిపాజిట్, శుభకార్యాల సామాన్ల అడ్వాన్సు మా దగ్గర ఉన్నోళ్ళు జూన్ 15 దాక రోజు పొద్దున 9 నుంచి 11 మధ్యల వచ్చి తీసుకోండ్రి. అప్పుడు రాలేనోళ్ళు ఫోన్ చేసినా ఇంటికి తెచ్చి ఇస్తం.

మీ ఇండ్లు సల్లగుండాలె.’

మార్పుల్లో మొదటిది పిలుపు. ‘వినియోగదారులు’ అనేది చట్టంలో, పత్రికలో పనికొచ్చే మాట. గల్లా దగ్గర ఎవరూ ఎవరినీ అలా పిలవరు. ‘ఖాతాదారులు’ అంటే బ్యాంకు గుర్తొస్తుంది. 31 ఏళ్ళు ‘అక్కా, ఏం గావాలె’ అన్న మనిషి చివరి కాగితంలో కూడా ‘అక్కలకు’ అనడమే సహజం. అయితే ఎవరి నోటి మాట వాళ్ళదే కావాలి. పెద్ద బట్టల షోరూము యజమాని కౌంటరు దగ్గర ‘సార్, మేడమ్’ అని పిలిచి, కాగితంలో మాత్రం హఠాత్తుగా ‘అన్నలారా’ అంటే అతకదు. రెండోది భాష. ‘బంద్ చేస్తున్నం’, ‘పంపిన్రు’ అనే యాస రాత తప్పేమీ కాదు. ఈ కాగితం చదివేవాళ్ళు ఆ గొంతును 31 ఏళ్ళు విన్నారు, కాగితంలో అదే గొంతు వినిపించాలి. ‘మూసివేయవలసిన’ అని రాసేసరికి ఆ గొంతు పోయి ఎవరిదో గుమాస్తా గొంతు వస్తుంది. ‘మా కిరాణం’ కాస్తా ‘మన కిరాణం’ కావడం కూడా మాట్లాడే అలవాటు నుంచి వచ్చిందే.

మూసే మాటను కూడా ఎంచుకోవాలి. ‘ఎత్తేస్తున్నం’ అంటే దివాలా ఎత్తడం, జెండా ఎత్తేయడం గుర్తొస్తాయి. ‘మూతపడుతున్నది’ అంటే దానంతట అది పడ్డట్టు. ‘బంద్ చేస్తున్నం’ రోజూ రాత్రి షట్టరు దించేటప్పుడు అనే మాటే కాబట్టి అందులో భయం లేదు. కానీ అదే కారణంగా అది ఒక్క రోజుకో నెలకో అనుకునే ప్రమాదం ఉంది, అందుకే పక్కనే ‘మళ్ళ తెరిచేది లేదు’ అని చిన్న వాక్యం పడింది. కారణం ఒక్క వాక్యంలో ఉంది. సూపర్ మార్కెట్ల పేరు లేదు, కానీ అబద్ధమూ లేదు: గిరాకి తగ్గిందనే ముక్కలో అంతా ఉంది. దాన్ని వయసు మీదకో ఆరోగ్యం మీదకో నెట్టివేస్తే వీధిలో అందరికీ తెలిసిన నిజాన్ని దాచినట్టయ్యేది.

అన్నిటికన్నా విలువైన మార్పు మూడో పేరాలో ఉంది. మొదటి కాగితంలో పండుగకు పోకుండా షాపు తెరిచింది యజమాని. రెండో దాంట్లో లాక్‌డౌన్ గీతల్లో నిలబడి ఆగింది గిరాకి. ఇద్దరూ కష్టపడ్డ మాట నిజం. తన కష్టం చెప్పుకుంటే ఎదుటివాడు ఋణపడతాడు, ఎదుటివాడి కష్టం చెప్తే తాను గుర్తుపెట్టుకున్నట్టు తెలుస్తుంది. ఇలాంటి జ్ఞాపకాలు ఎక్కడినుంచి తేవాలో తెలియక చాలామంది అచ్చు వాక్యాలకు దిగుతారు. వాటికి మంచి చోటు ఉద్దెర పుస్తకమే. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పాత ఖాతా ఏదైనా తెరిస్తే, ఒక పేజీలో ‘పప్పు, నూనె, సబ్బులు’ అని నెలంతా నిలువుగా రాసిన వరస ఉంటుంది, కింద మొత్తం మీద అడ్డంగా గీత కొట్టి తారీఖు వేసి ఉంటుంది. ఆ గీత పడిన తారీఖులు ఏటా వడ్లు, పత్తి అమ్మిన రోజుల పక్కనే ఉంటాయి. పెళ్ళి జరిగిన నెల పేజీ పొడుగ్గా ఉంటుంది, దవాఖాన ఖర్చు వచ్చిన నెల గీత ఆలస్యంగా పడుతుంది, కానీ పడుతుంది. ఒక గంట ఆ పుస్తకం తిరగేసిన మనిషికి నాలుగు నిజమైన కృతజ్ఞతా వాక్యాలు దొరక్కపోవు. నాలుగే చాలు. పది రాస్తే అవీ పొగడ్తలుగా మారతాయి.

బాకీల విషయంలో తిరగరాసిన కాగితం ఒక పక్షపాతం చూపింది: దుకాణం ఇవ్వాల్సినవి రాసింది, దుకాణానికి రావాల్సినవి వదిలేసింది. ఇది పైసలు వదులుకోమనడం కాదు. షట్టరు మీద ‘ఉద్దెర కట్టండి’ అని ఉంటే, బాకీ లేనివాళ్ళు కూడా తమనే అన్నట్టు చదువుతారు, ఉన్నవాళ్ళు పక్కవాళ్ళ చూపులకు దూరంగా ఆ దారే మానేస్తారు. పేర్లు రాసి అంటిస్తే అవమానం, ఆపైన తగాదా. రావాల్సినవి అడగడానికి విడిగా చిట్టీ రాసి, మొత్తం వేసి, ఇంటికే ఇవ్వడం మేలు. చట్టం దృష్టిలోనూ ఆ చిట్టీకే విలువ. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం, గడువు పెట్టకుండా ఇచ్చిన సరుకు డబ్బు రాబట్టుకోవడానికి దావా వేసే వ్యవధి సరుకు ఇచ్చిన నాటినుంచి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలోపు బాకీదారు ఆ మొత్తాన్ని ఒప్పుకుంటూ సంతకం చేస్తే, సంతకం పెట్టిన రోజునుంచి వ్యవధి కొత్తగా లెక్కకొస్తుంది. షట్టరు కాగితంలోని ‘మానవత్వంతో చెల్లించగలరు’ అనే మాటకు కోర్టులోనూ విలువ లేదు, వీధిలోనూ లేదు.

మూసే తారీఖును ఎంచుకోవడంలోనే సగం గౌరవం నిలుస్తుంది. కరీంనగర్ వైపు వరి ఎక్కువ. యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో, వానాకాలం వడ్లు నవంబరు, డిసెంబరుల్లో ఇంటికొస్తాయి. ఆ తర్వాతి రోజుల్లో ఖాతాలు ఖాళీగా ఉంటాయి. నమూనాలో మే 31 పెట్టింది అందుకే. ఆదిలాబాద్ వైపు పత్తి ముఖ్యం. జూన్‌లో విత్తనాలు పడ్డప్పటినుంచి ఉద్దెర పెరుగుతూ పోయి, పత్తి ఏరి అమ్మే నవంబరు తర్వాతే తీరుతుంది. ఆ ఊళ్ళలో ఆగస్టులో దుకాణం మూస్తూ నెలలో లెక్క తేల్చమంటే ఎవరి చేతుల్లోనూ పైసలుండవు. అప్పుడు రాసే కాగితంలో ఎంత జాగ్రత్తపడ్డా కటువుతనం దూరుతుంది. సంక్రాంతి దాటాక మూసేవాడికి ఆ అవసరమే రాదు.

బొగ్గు, కాగితం ఊళ్ళలో పంటకు బదులు జీతం ఉంటుంది, అక్కడ ‘శాశ్వతంగా’ అనే మాట ఇంకా చిక్కైనది. కాగజ్‌నగర్ ఇందుకు మంచి ఉదాహరణ. నిజాం కాలంలో 1938లో ఏర్పాటైన సిర్పూర్ పేపర్ మిల్లు చుట్టూ ఆ ఊరు పెరిగింది. ఊరి పేరులోనే కాగితం ఉంది. ఆ మిల్లు 2014 సెప్టెంబరులో ఆగిపోయింది. జేకే పేపర్ సంస్థ చేతికి వచ్చి 2018లో మళ్ళీ నడిచింది. ఆ మధ్యకాలంలో జీతమే లేని ఊళ్ళో, జీతాల రోజు మీద నడిచే కిరాణం ఏమని రాయగలదు? మిల్లు తెరుస్తారన్న ఆశ ఊరంతా ఉన్నప్పుడు ‘మళ్ళ తెరిచేది లేదు’ అనడం చదివేవాళ్ళ ఆశ మీద కూడా నీళ్ళు పోసినట్టు ఉంటుంది. తేలని సంగతిని తేలినట్టు రాయకపోవడమే అక్కడ సరైనది: ‘ఇప్పటికైతే ఆపుతున్నం, మిల్లు నడిచిననాడు చూద్దాం’ అంటే చాలు. బెల్లంపల్లిది దీనికి తిరగబడ్డ పరిస్థితి. ఒకప్పుడు భూగర్భ గనులతో కిక్కిరిసిన ఆ ఊళ్ళో బాయిలు ఒక్కొక్కటిగా మూతపడి, కార్మికులు మందమర్రి, శ్రీరాంపూర్ వైపు మారిపోయారు. అక్కడ గిరాకులు దుకాణాన్ని వదల్లేదు, పనే వాళ్ళను తీసుకుపోయింది. అలాంటి చోట కృతజ్ఞత వెళ్ళిపోయినవాళ్ళకు కూడా చెందుతుంది. కాగితం షట్టరు మీద మాత్రమే ఉంటే వాళ్ళకు చేరదు, తెలిసినవాళ్ళ చేతనో ఫోనులోనో పంపాల్సి వస్తుంది.

స్వీయజాలి వద్దన్నంత మాత్రాన బాధ దాచమని అర్థం కాదు. నడిపిన మనిషి చనిపోతే భార్యో పిల్లలో దుకాణం మూసేటప్పుడు ఆ మాట ఒక్కటి రాయడం సహజం, రాయకపోతేనే వెలితి. మధ్యమానేరు జలాశయం కింద మునిగిన ఊళ్ళ దుకాణాల సంగతి మరీ వేరు. దుకాణంతోపాటు గిరాకులూ, వీధీ చెదిరిపోతాయి. రోడ్డు వెడల్పులో గది పోయినవాడికి, కిరాయి గది ఖాళీ చేయాల్సి వచ్చినవాడికి నిజమైన ఫిర్యాదులు ఉంటాయి. ‘రోడ్డు పనిల దుకాణం పోతున్నది’ అని కారణంగా రాస్తే అది సమాచారం. పరిహారం చాలలేదని, ఎవరు మోసం చేశారని రాసేది సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చే అర్జీలోకి వెళ్ళాలి. రెండూ ఒకే కాగితంలో కలిస్తే అర్జీకి బలం రాదు, కృతజ్ఞతకు వెచ్చదనం మిగలదు. ఇలాంటప్పుడు రెండు కాగితాలు రాసుకోవడమే మంచిది, అర్జీ ముందు రాసుకుంటే మనసులోని కోపం అక్కడ దిగి రెండోది తేలిగ్గా వస్తుంది.

ఆదిలాబాద్ బజారులో భాషల సమస్య ఉంది. తెలుగు, మరాఠీ, ఉర్దూ, హిందీ ఒకే కౌంటరు ముందు వినిపిస్తాయి. అంగడి రోజు గోండీ, లంబాడీ మాట్లాడేవాళ్ళు వస్తారు. తెలుగు కాగితాన్ని మక్కీకి మక్కీ మార్చి మిగతా భాషల్లో అంటిస్తే, తెలుగులో వెచ్చగా ఉన్నది వేరే భాషలో వింతగా తోస్తుంది. ‘సల్లగుండాలె’ అనే దీవెనకు ఉర్దూలో దువా మాట ఉంది, మరాఠీలో వాళ్ళ తీరు వాళ్ళకుంది. ఆయా భాషల్లో రోజూ దుకాణానికి వచ్చే ఒక మనిషిని అడిగి రాయించుకోవడం మంచి పద్ధతి. కాగితం చదవడం రానివాళ్ళకు నోటితో చెప్పడమే అసలు పని. చదవగలిగిన పాత గిరాకులకు కూడా షట్టరు కన్నా ముందు మనిషి నోటినుంచే తెలియాలి. కనీసం నెల రోజుల ముందు, సామాను కట్టేటప్పుడు ఒక్కొక్కరికి చెప్పి, ఆ తర్వాతే కాగితం అంటిస్తే, అది కొత్త వార్త కాకుండా చెప్పిన మాటకు గుర్తుగా ఉంటుంది.

అంటించిన కాగితం మూసిన రోజుతో చింపేయకూడదు. పల్లెల నుంచి అంగడికి వచ్చేవాళ్ళు వారానికో పదిహేను రోజులకో ఒకసారి వస్తారు, కొందరు పంట అమ్మినప్పుడే వస్తారు. దించిన షట్టరు, దాని మీద ఏమీ లేని ఇనుప రేకు చూస్తే వాళ్ళకు ఐపీ మాటే గుర్తొస్తుంది. అడ్వాన్సులు తిరిగి ఇచ్చే గడువు దాటాక ఆ పేరా కొట్టేసి, ఫోన్ చేయమన్న వాక్యం ఉంచాలి. వానకు అక్షరాలు కరగకుండా మీద ప్లాస్టిక్ కవరు వేయాలి. గది కొత్తవాళ్ళు తీసుకుంటే, వాళ్ళను అడిగి ఓ మూలన ఇంకో నెల ఉంచుకోవచ్చు. పాత దుకాణాన్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకు సమాధానం చెప్పే పని తప్పుతుంది కాబట్టి కొత్తవాళ్ళు సాధారణంగా కాదనరు.